పళ్ళపొడి మారిస్తే పోని మచ్చలు

రాజమండ్రిలో ఒకావిడ తన పిల్లలిద్దర్నీ నా దగ్గరకు తీసుకొచ్చింది. అబ్బాయికి 17 ఏళ్ళు. పై పళ్ళ మీద సుద్ద పూసినట్టు తెల్లమచ్చలు, వాటి మధ్య గోధుమరంగు అడ్డచారలు. అమ్మాయికి 9 ఏళ్ళు. దాని పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి.

"ఎంత తోమినా పోవడం లేదు డాక్టరు గారూ, పళ్ళపొడి మార్చమంటారా?" అందావిడ.

పుట్టింది ఎక్కడని అడిగాను. అబ్బాయి నల్గొండ వైపు పల్లెలో పుట్టి, ఎనిమిదో ఏడు వచ్చేదాకా అక్కడి బోరింగు నీళ్ళే తాగాడట. అమ్మాయి పుట్టే నాటికి వీరు రాజమండ్రి వచ్చేశారు. సంగతి అంతటితో తేలిపోయింది. పైకి రాబోయే పళ్ళకు పింగాణీ పొర దవడలో ఉండగానే, సుమారు ఎనిమిదేళ్ళ లోపు తయారవుతుంది. ఆ రోజుల్లో నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే ఆ పొర సరిగా గట్టిపడదు. తర్వాత నీళ్ళు మార్చినా మచ్చ పోదు. పెద్దవాళ్ళు అవే నీళ్ళు ఏళ్ళతరబడి తాగితే ఫ్లోరైడు ఎముకల్లో చేరి నడుము, మెడ బిగుసుకుపోతాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఈ జబ్బుందని 1937లోనే వైద్యపత్రికలో ప్రకటించారు.

మరి ఒకచోట ఉండి ఇంకొకచోట లేకపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. జవాబు రాతిలో ఉంది.

నల్గొండ నేల కింద ఉన్నది గ్రానైటు. పగలగొట్టి చూస్తే తళతళలాడే నల్ల అభ్రకం రేకులు కనిపిస్తాయి. ఫ్లోరిను ఆ అభ్రకంలోనూ, ఆ రాతిలోని మరికొన్ని ఖనిజాల్లోనూ ఉంటుంది. అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇంకిన కాస్త నీరూ రాతి పగుళ్ళలో ఏళ్ళతరబడి నిలిచి, రాతిని నెమ్మదిగా కరిగించుకుంటుంది. నీటిలో సున్నపు అంశం, అంటే కాల్షియం, తగినంత ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని గడ్డకట్టిస్తుంది. కానీ మెట్టనేలల్లో ఆ సున్నం ముందే తెల్లని ముద్దలుగా మట్టిలో పేరుకుపోతుంది. నీటిలో చవుడు మిగులుతుంది. ఇక ఫ్లోరైడును ఆపేవాడు లేడు.

ఇందులో ఒక చిత్రం ఉంది. సున్నం తగ్గిన నీటిలో పప్పు త్వరగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురుగొస్తుంది. ఇల్లాళ్ళు మెచ్చుకునే ఆ నీళ్ళే గ్రానైటు నేలల్లో ఒక్కోసారి ఎముకలకు శత్రువులు. రుచి, రంగు, వాసన ఏవీ పట్టివ్వవు.

లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నీటిలో 4 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. రోజుకు లీటరున్నర తాగే పిల్లవాడి ఒంట్లోకి 6 మిల్లీగ్రాములు పోతాయి. ఆ నీళ్ళతో వండిన అన్నం, కాచిన టీ లెక్క వేరే. మరగబెడితే ఫ్లోరైడు ఆవిరైపోదు సరిగదా, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. కొవ్వొత్తి ఫిల్టరు దాన్ని ఆపలేదు. పటిక, సున్నం తగుపాళ్ళలో కలిపి తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. పాళ్ళు నీటిని పరీక్షించి నిర్ణయించాలి. కంటి అంచనాతో పటిక వేయకండి.

మన డెల్టాలో బావులు గ్రానైటును తాకవు. గోదావరి తెచ్చిపోసిన మందపాటి ఒండ్రు అది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువల నీరు ఇంకుతూ భూమిలోని నీటిని కడుగుతూ ఉంటుంది. ఇక్కడి బావులకు ఎక్కువగా పట్టే పీడ ఉప్పు, అదీ సముద్రం వైపు. అయితే ఏజెన్సీ వైపు పాతరాతి నేలలకు ఈ మాట వర్తించదు.

ఒండ్రు అంటే నిర్భయమా? కాదు. బెంగాల్ డెల్టాలో జనాన్ని బాధించింది ఆర్సెనిక్. 1983లో కలకత్తా చర్మవైద్యులు దాన్ని పట్టుకున్నారు. అక్కడ ముద్దాయి గ్రానైటు కాదు, హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక. ఆ ఇసుకరేణువుల మీది ఇనుప తుప్పుకు ఆర్సెనిక్ అంటుకుని ఉంటుంది. పూడిపోయిన ఆకూ అలమూ లోపల కుళ్ళి ప్రాణవాయువును తినేస్తే, సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తాయి. ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. గాలి తగిలే దిగుడుబావుల కంటే గొట్టపుబావుల్లోనే అది ఎక్కువగా కనిపించింది.

గోదావరి మట్టి ఎక్కువగా దక్కను నల్లరాతిది, మధ్యభారతపు పాతరాళ్ళది. బెంగాల్ లాంటి విస్తారమైన జబ్బు మన డెల్టాలో కనిపించలేదు. కానీ కుళ్ళు బురద మనకూ ఉంది. మీ బోరింగు నీరు బిందెలో కాసేపటికి ఎర్రబడితే కింద ఇనుము కరుగుతున్నదని అర్థం. అది ఆర్సెనిక్‌కు రుజువు కాదు, పరీక్ష చేయించడానికి కారణం. దాని హద్దు చాలా చిన్నది, లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అరచేతుల్లో, అరికాళ్ళలో గట్టి బుడిపెలు, ఛాతీ మీద వానచినుకుల్లాంటి మచ్చలు కనిపిస్తే ఆ నీళ్ళు మాని వైద్యుడికి చూపించండి.

ఆ అబ్బాయికి పళ్ళపొడి మార్చమనలేదు. మచ్చలు కనబడకుండా పైపూత వేయవచ్చని దంతవైద్యుడి దగ్గరకు పంపాను. "మా అత్తగారు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారండీ, నడుము వంగడం లేదంటున్నారు" అందావిడ లేస్తూ. ఈసారి వెళ్ళినప్పుడు ఆవిడ తాగే నీళ్ళు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి తెమ్మని చెప్పాను.