ఫ్రెంచ్ నివేదికలో వాక్యం మారే తీరు

ఫ్రెంచ్‌లో మాట్లాడే వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెడితే అది నివేదిక అవదు. వ్యాకరణం బాగానే ఉన్నా చదివేవారికి అది నోటిమాటగానే అనిపిస్తుంది. ఒక చిన్న సంఘటనను తీసుకుని రెండు విధాలుగా రాసి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. యంత్రం పాడై వర్క్‌షాపు మూశారు, సరుకు ఆలస్యమైంది, ఖాతాదారులు ఫిర్యాదు చేశారు. మాటల్లో దీన్ని ఇలా చెబుతారు: ‘ఒన్ ఆ ఫెర్మే లాతెలియే పార్స్ కె లా మషీన్ మార్షే ప్ల్యూ, ఎ సా ఆ రెతార్దే లే లివ్రెజోఁ. ద్యూ కూ, లే క్లియాఁ స సోఁ ప్లాఁ.’

ముందు మార్చాల్సినవి నోటి అలవాట్లు. ‘మార్షే ప్ల్యూ’లో నిషేధాన్ని తెలిపే ‘నె’ ఎగిరిపోయింది. మాటలో ఇది ఇబ్బంది పెట్టదు. ‘ఇక లేదు’ అనే అర్థంలో ‘ప్ల్యూ’ అని, ‘ఎక్కువ’ అనే అర్థంలో తరచుగా ‘ప్ల్యూస్’ అని పలుకుతారు కాబట్టి చెవి పోల్చుకుంటుంది. రాతలో మాత్రం రెండింటికీ ఒకటే వర్ణక్రమం. ‘నె’ లేకపోతే యంత్రం ఆగిపోయిందో, మరింత పనిచేసిందో తెలియదు. ‘సా’ బదులు ‘సెలా’ రాయాలి. ‘ద్యూ కూ’ నివేదికలోకి రాకూడదు. ‘ఒన్’ నిషిద్ధమేమీ కాదు, గంభీరమైన రచనల్లోనూ కనిపిస్తుంది. కాకపోతే ఇక్కడ మూసినదెవరో అది చెప్పడం లేదు.

తర్వాతిది క్రియను నామంగా మార్చడం. తెలుగు నివేదికలో ‘మూశారు’ కాస్తా ‘మూసివేత’ అయినట్టే, ఫ్రెంచ్‌లో ‘ఫెర్మే’ క్రియ ‘ఫెర్మత్యూర్’ అవుతుంది. ‘లివ్రే’ నుంచి ‘లివ్రెజోఁ’ వస్తుంది. ఏ క్రియకు ఏ ప్రత్యయం చేరుతుందో ఊహించి రాస్తే దెబ్బతింటారు. ‘రెతార్దే’ నుంచి ఆలస్యం అనే అర్థంలో వచ్చే నామం ‘రెతార్’. ‘రెతార్దమాఁ’ అనే మాటా ఉంది కానీ, అది ముఖ్యంగా టైమ్ బాంబు లాంటి వాటి గురించి చెప్పేటప్పుడు వినిపిస్తుంది. ఫిర్యాదుకు ‘ప్లాఁత్’ అనే నామం ఉన్నా అది పోలీసు, కోర్టు ఫిర్యాదును తలపిస్తుంది. సరుకు అందని ఖాతాదారు చేసేది ‘రెక్లమాసియోఁ’. కొత్త నామాన్ని లింగంతో, వాడే సందర్భంతో కలిపి నేర్చుకోవాలి.

మార్చిన రూపం ఇది: ‘లా ఫెర్మత్యూర్ ద లాతెలియే, ద్యూ ఆ య్యూన్ పాన్ ద లా మషీన్, ఆ అఁత్రెనే అఁ రెతార్ ద లివ్రెజోఁ. ఓసీ లే క్లియాఁ ఓఁతీల్ అద్రెసే ప్ల్యూజియర్ రెక్లమాసియోఁ.’ ‘ఫెర్మత్యూర్’ స్త్రీలింగం కాబట్టి ‘ద్యూ’ కూడా స్త్రీలింగ రూపంలోనే ఉండాలి. అంటే చివర ‘ఇ’ అక్షరం చేరి, ‘యు’ మీది టోపీ గుర్తు పోతుంది. పలకడంలో తేడా లేదు గనుక ఈ తప్పు చెవికి దొరకదు. ఇక కారణం నుంచి ఫలితానికి వాక్యాన్ని నడిపించేది ‘అఁత్రెనే’ క్రియ. నామాలను పేర్చి ఇలాంటి క్రియను మరిస్తే వాక్యం నిలబడదు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది: నామంలో కర్త మాయమవుతాడు. వర్క్‌షాపును మూయించిందెవరో ముఖ్యమైతే ‘దెసిదే పార్ లా దిరెక్సియోఁ’ (యాజమాన్యం నిర్ణయించిన) అని చేర్చాలి. బాధ్యత తేల్చాల్సిన నివేదికలో దీన్ని వదిలేయడం పెద్ద పొరపాటు. ఒకే వాక్యంలో ‘ద’ మూడు నాలుగుసార్లు వరుసగా వస్తుంటే నామాలు మితిమీరాయని అర్థం. అప్పుడు ఒకదాన్ని తిరిగి క్రియగా మార్చడమే మేలు.

రెండో వాక్యంలో ‘ఓసీ’ మొదట వచ్చింది. మామూలుగా ‘కూడా’ అనే అర్థమిచ్చే ఈ మాట వాక్యం మొదట్లో నిలబడి, వెనక క్రియ తారుమారైతే ‘అందువల్ల’ అవుతుంది. ‘లే క్లియాఁ’ అనే కర్త తన చోటే ఉంది, సహాయక క్రియ తర్వాత ‘ఈల్’ సర్వనామం చేరి ‘ఓఁతీల్’ అయింది. ఖాతాదారు ఒక్కరే అయితే ‘ఆతీల్’ అని పలుకుతారు. రెండు అచ్చుల మధ్య రాతలో అదనంగా ఒక ‘టి’ని గీతలతో చేర్చాలి. వాక్యం మొదట ‘పెతెత్ర్’ (బహుశా), ‘సాఁ దూత్’ వచ్చినా ఇదే పద్ధతి. ‘సాఁ దూత్’ను మాటకు మాటగా ‘సందేహం లేకుండా’ అనుకోకూడదు. నేటి వాడుకలో అది ‘బహుశా’. ఖచ్చితంగా అనడానికి ‘సాఁజోక్యాఁ దూత్’ ఉంది. ‘పెతెత్ర్’ క్రియ తర్వాతికి జరిగితే తారుమారు అవసరం లేదు.

బాగా నేర్చినవారు కూడా తడబడేది పరోక్ష ప్రశ్న దగ్గర. నేరుగా అడిగే ప్రశ్నలో ‘పుర్క్వా లా మషీన్ ఎతెల్ తోంబే అఁ పాన్?’ అనాలి. ‘ఎందుకు పాడైందో తెలియాల్సి ఉంది’ అని నివేదికలో రాసేటప్పుడు ‘ఈల్ రెస్త్ ఆ సవ్వార్ పుర్క్వా లా మషీన్ ఎ తోంబే అఁ పాన్’ చాలు. ఇక్కడ ‘ఎల్’ రాదు, ప్రశ్నార్థకమూ ఉండదు.