గుండె ఆగలేదు, మోటారు బలం తగ్గింది

డిశ్చార్జి కాగితం మీద ‘హార్ట్ ఫెయిల్యూర్, ఈఎఫ్ 30 శాతం’ అని ఉంటుంది. దాన్ని చదివి వినిపించేది ఇంట్లో పదో తరగతి చదివే పిల్లో, వాడలోని సంఘం కుర్రాడో. ఫెయిల్ అంటే గుండె పోయిందని, 30 అంటే ప్రాణం అంతే మిగిలిందని అనుకుంటే మందుల మీదే ఆశ పోతుంది. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు పోయేకొద్దీ గుండె డాక్టరు దూరమవుతాడు. కాబట్టి ఆ కాగితాన్ని మిర్చి రైతు మాటలోకి మార్చి రాశాం:

“పెద్దయ్యా, నీ గుండె ఆగలేదు. బోరు మోటారులా బలం తగ్గింది. బాగున్న గుండె కూడా ఉన్న నెత్తురంతా ఒకేసారి తోయదు. వంద చెంబులుంటే అరవై దాకా తోస్తుంది, నీది ముప్పై తోస్తోంది. మోటారు నెమ్మదిస్తే చివరి మడికి నీళ్లందవు గదా. ఒంట్లో ఆ చివరి మడి మూత్రపిండాలు. కరువొచ్చిందనుకుని అవి ఉప్పునూ నీళ్లనూ బయటికి వదలవు. ఆ నీళ్లే కాళ్లకు వాపు, ఊపిరితిత్తుల్లో చేరితే పడుకోగానే ఆయాసం. లాసిక్స్ బిళ్ల గండి కొట్టినట్టు ఆ నీటిని మూత్రంలో పంపేస్తుంది. మిగతా బిళ్లలు గుండె మీద బరువు తగ్గిస్తాయి. ఆయాసం పోయిందని మానేస్తే మళ్లీ నిండుతుంది.”

పోలిక ఇక్కడితో ఆగుతుంది. మోటారుకు వైండింగ్ మార్చినట్టు గుండెకు మార్చలేం. మందులతో కొందరికి ఆ 30 పెరుగుతుంది, అప్పుడూ బిళ్లలు వాడాల్సిందే.

ఎక్కువగా దెబ్బతినేది నీరసం దగ్గర. నీరసమనగానే ఊళ్లో సెలైన్ సీసా ఎక్కిస్తారు. అందులో ఉన్నది ఉప్పునీరే. నిండిన చెరువులోకి మరో కాలువ తిప్పడమే అది. నడుం నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలూ ఒంట్లో నీటిని ఆపుతాయి. ఎవరి దగ్గరికి పోయినా ‘నాకు గుండె జబ్బుంది’ అని ముందే చెప్పాలి.

కూలికి పోయే ఆడవాళ్లు లాసిక్స్ మానేయడానికి వేరే కారణం ఉంది. వేసుకున్న గంటలోపే మూత్రం మొదలై, ఐదారు గంటలు మాటిమాటికీ వస్తుంది. మిర్చి చేలో మరుగెక్కడిది? దీన్ని మొండితనమని తిట్టేవాళ్లకు చేను తెలియదనే మేమంటాం. పని రోజుల్లో ఇంటికొచ్చాక, మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు వేసుకోవచ్చా అని డాక్టరును అడగాలి. చాలామందికి వేళ మార్చడం కుదురుతుంది, మానడం మాత్రం కుదరదు.

ఉప్పు తగ్గించమంటే కూరలో ఒక్కటే తగ్గిస్తారు. పచ్చడి, ఎండుచేప, ఉప్పేసిన గంజిలోనే అసలుది ఉంటుంది.

నీరు చేరుతోందని వాపు కంటే ముందే కాటా చెబుతుంది. పొద్దున మూత్రానికి పోయొచ్చి, ఏమీ తినకముందు, రోజూ ఒకే కాటా మీద బరువు చూసుకోవాలి. సోమవారం 52 కిలోలుండి గురువారానికి 54 అయితే అది కండ కాదు, రెండు లీటర్ల నీరు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కాటా లేకపోతే ముంగాలు ఎముక మీద బొటనవేలితో నొక్కి చూడాలి. గుంట వెంటనే పూడకపోతే నీరు చేరినట్టే. పడుకోలేక రాత్రంతా కూర్చుంటున్నా, దగ్గుతో నురుగు పడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.