ఎప్పుడు మొదలైందో గుర్తుందా? జలుబు, ఫ్లూ తేడా తెలిపే మూడు గుర్తులు

వానాకాలంలో క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామంది జలుబూ జ్వరమూ అనే చెబుతారు. డాక్టరు వెంటనే "ఎప్పటి నుంచి?" అని అడుగుతారు. జలుబు ఉన్నవాళ్లు "రెండు మూడు రోజుల నుంచి" అంటారు. ఫ్లూ సోకినవాళ్లలో చాలామంది గంట కూడా చెప్పగలరు.

ఒకే ఇంట్లో ఇద్దరు తోటికోడళ్లకు ఒంట్లో బాగాలేదనుకుందాం. పెద్దామెకు సోమవారం పొద్దున గొంతులో గరగర మొదలైంది. సాయంత్రానికి తుమ్ములు, మర్నాడు ముక్కు కారడం, బుధవారానికి ముక్కు దిబ్బడ. ఒళ్లు కాస్త బరువుగా ఉన్నా వంట చేసుకుంటూనే ఉంది. థర్మామీటర్ 99 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటలేదు. చిన్నామె మంగళవారం మధ్యాహ్నం భోజనం దాకా ఆఫీసులో మామూలుగానే ఉంది. నాలుగింటికి చలి పట్టుకుంది. ఇంటికి వచ్చి దుప్పటి కప్పుకున్నా వణుకు ఆగలేదు. రాత్రికి జ్వరం 102.6. నడుము, తొడలు పీకుతున్నాయి, కళ్లు తిప్పితే నొప్పి, పైగా పొడి దగ్గు. మంచం దిగడమే కష్టమైంది.

పెద్దామెది జలుబు లక్షణం, చిన్నామెది ఫ్లూ లక్షణం. ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం తేలిక.

జలుబుకు ఎక్కువగా కారణమయ్యే రైనోవైరస్ చాలావరకు ముక్కు, గొంతు పొరల్లోనే ఉండిపోతుంది. బాధ కూడా అక్కడే నెమ్మదిగా పెరుగుతుంది. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల్లోకి దిగి వేగంగా పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి రోగనిరోధక వ్యవస్థ ఇంటర్‌ఫెరాన్లు, సైటోకైన్లు అనే రసాయనాలను పెద్ద మొత్తంలో విడుదల చేస్తుంది. అవి రక్తంలో కలిసి మెదడుకు చేరి, శరీర ఉష్ణోగ్రతను పెంచమని చెబుతాయి. ఆ వేడిని పుట్టించడానికే కండరాలు వణుకుతాయి. అందుకే ముందు చలి, తర్వాత జ్వరం. కండరాల నొప్పికీ ప్రధాన కారణం ఈ రసాయనాలే. అంటే హఠాత్తుగా మొదలవడం, జ్వరం ఎక్కువగా ఉండడం, ఒళ్లు నొప్పులు మూడూ ఒకే చోటి నుంచి వస్తాయి. అందుకే వాటిని విడివిడిగా కాక కలిపి చూడాలి.

పెద్దవాళ్లలో జలుబుతో జ్వరం రాకపోవచ్చు, వచ్చినా స్వల్పంగా ఉంటుంది. ఫ్లూలో సాధారణంగా 100 నుంచి 104 డిగ్రీల మధ్య ఉండి, మూడు నాలుగు రోజులు సాగుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. పారాసిటమాల్ వేసుకున్న గంటన్నరకు కొలిచి, జ్వరం పెద్దగా లేదనుకుంటారు. మాత్ర ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలుంటుంది కాబట్టి వేసుకునే ముందే కొలిచి, టైముతో సహా రాసుకోవాలి. చంకలో పెట్టి కొలిస్తే నోట్లో కంటే ఒక డిగ్రీ దాకా తక్కువ చూపొచ్చు.

నొప్పుల విషయంలో అవి ఎక్కడున్నాయి, మనిషిని ఎంతగా ఆపేస్తున్నాయి అని చూడాలి. ముక్కు బాధే ముందుండి ఒళ్లు కాస్త బద్ధకంగా ఉంటే జలుబు అనుకోవచ్చు. నడుము, కాళ్ల నొప్పులు ముందుండి ముక్కు సంగతి వెనకబడితే ఫ్లూ అనుమానించాలి.

ఈ మూడు గుర్తులకూ హద్దులున్నాయి. చిన్నపిల్లలకు మామూలు జలుబుతోనే జ్వరం బాగా రావచ్చు. వయసు మళ్లినవాళ్లకు ఫ్లూ వచ్చినా జ్వరం కనిపించకపోవచ్చు, నీరసం, తికమకే బయటపడొచ్చు. కోవిడ్ ఈ రెండింటిలా కూడా ఉండగలదు, పరీక్ష చేస్తేనే తేలుతుంది. మన దగ్గర మరో చిక్కు డెంగీ. అదీ హఠాత్తుగా, అధిక జ్వరంతో, ఒళ్లు నొప్పులతోనే వస్తుంది. కాకపోతే దగ్గు, ముక్కు కారడం అంతగా ఉండవు. ఆ అనుమానం తీరేదాకా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి వెళ్లకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఫ్లూ ఉన్న పిల్లలకైతే ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు.

తేడా తొందరగా తెలియడంలో ఒక అసలైన లాభముంది. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, 65 ఏళ్లు దాటినవాళ్లు, పసిపిల్లలు, ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఫ్లూ అనుమానం రాగానే డాక్టరును కలవాలి. చిన్నామె మంగళవారం నాలుగింటికి మొదలైందని చెప్పగలిగితే, గురువారం సాయంత్రంతో ఆ గడువు ముగుస్తుందని లెక్క తేలుతుంది. యాంటీబయాటిక్స్ మాత్రం జలుబు మీదా ఫ్లూ మీదా పనిచేయవు.

ఆయాసం, ఛాతీ నొప్పి, తికమక, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే రోజులు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం తగ్గి తేరుకున్నట్టే ఉండి, మళ్లీ జ్వరం, దగ్గు పెరిగితే న్యుమోనియా కావచ్చు, అప్పుడూ అంతే.