ఒక్క కాగితం మీద ఛందస్సు

మా మేనల్లుడు పరీక్షకు నాలుగు రోజుల ముందు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఛందస్సు పాఠమంతా అందులో చీమతలకాయలంత అక్షరాలతో రాశాడు.

"మామయ్యా, పాఠం మొత్తం ఒక పేజీలోకి తెచ్చేశాను" అన్నాడు గర్వంగా.

"సరే, ఆటవెలదికి యతి ఎక్కడరా?"

"నాలుగో అక్షరం."

కాగితం చూశాను. ఉత్పలమాల: యతి 10. చంపకమాల: యతి 11. ఆటవెలది: యతి 4. తప్పు వాడి జ్ఞాపకానిది కాదు, కాగితానిదే! ఉత్పలమాలకు పదో అక్షరం యతిస్థానం. ఆటవెలదికి నాలుగో గణంలో మొదటి అక్షరం. పుస్తకంలో ఈ మాటలు స్పష్టంగానే ఉన్నాయి. కుదించేటప్పుడు మావాడు అంకె ఉంచి, అది దేని లెక్కో చెప్పే మాటను కొట్టేశాడు. కాగితం చిన్నది చేసేవారందరూ జారిపడే మెట్టు ఇదే.

ఇద్దరం కొత్త కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీశాం. మొదటి గడిలో నిర్వచనాలు. దీర్ఘాక్షరమూ, సున్న గాని విసర్గ గాని ఉన్న అక్షరమూ, పొల్లుతో కూడిన అక్షరమూ, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరమూ గురువులు. తక్కినవి లఘువులు. 'ముందున్న' అనే మాట కింద గీత గీయించాను. 'పుస్తక' అన్నప్పుడు 'స్త'ను గురువనుకునే పిల్లలు ప్రతి ఏటా కనిపిస్తారు. గురువు దాని ముందున్న 'పు'.

రెండో గడిలో ఎనిమిది గణాలు రాయనక్కరలేదు. 'యమాతారాజభానసలగం' అన్న ఒక్క మాట చాలు. ఏ గణం కావాలంటే ఆ అక్షరంతో మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకోవాలి. 'భానస' అంటే ఒక గురువు, రెండు లఘువులు, అదే భగణం.

అసలు పని మూడో గడిలో ఉంది. పుస్తకం నాలుగు వృత్తాలను నాలుగు చోట్ల చెబుతుంది. ప్రతిచోటా నాలుగు పాదాలని, ప్రాస ఉందని మళ్లీ మళ్లీ అంటుంది. అందరికీ ఉమ్మడి అయినదాన్ని గడి నెత్తిన ఒక్కసారి రాసి, మిగిలినదాన్ని జంటలు కట్టాం.

ఉత్పలమాల: భ ర న భ భ ర వ, యతి 10వ అక్షరం.
చంపకమాల: న జ భ జ జ జ ర, యతి 11వ అక్షరం.

శార్దూలం: మ స జ స త త గ, యతి 13వ అక్షరం.
మత్తేభం: స భ ర న మ య వ, యతి 14వ అక్షరం.

చూడడానికి వీటికి పోలికే లేదు. కాని ప్రతి జంటలోనూ పై పాదంలో మొదటి గురువు తీసి, ఆ చోట రెండు లఘువులు పెడితే కింది పాదం వస్తుంది! మావాడు నమ్మలేదు. కవిత్వమనిపించుకోకపోయినా, కొలతకు సరిపోయే పాదం ఒకటి అప్పటికప్పుడు కట్టాను:

పుస్తక మొత్తమున్ జదివి పూర్తిగ నేర్చిన బాలు డొక్కడే

ఇరవై అక్షరాలు, మొదటి 'పు'కు పదో అక్షరం 'పూ'తో యతి. ఇది ఉత్పలమాల. ఇప్పుడు 'పుస్తక' తీసి 'పుటలను' పెట్టండి:

పుటలను మొత్తమున్ జదివి పూర్తిగ నేర్చిన బాలు డొక్కడే

మిగతా పాదం కదలలేదు. ముందు ఒక అక్షరం పెరిగింది గనుక 'పూ' పదకొండో స్థానానికి జరిగింది. పేరు చంపకమాల అయింది. ఇక యతిస్థానం మరిచిపోయినా లెక్కకట్టి తెచ్చుకోవచ్చు.

జంటలు పక్కపక్కన పెట్టగానే ఇంకొకటి మావాడి కంటే పడింది. మొదటి అక్షరం గురువైతే ఉత్పలమాల గాని శార్దూలం గాని. లఘువైతే చంపకమాల గాని మత్తేభం గాని. మూడో అక్షరం లఘువైతే మాలలు, గురువైతే మృగాలు! అయితే పద్యం ఈ నాలుగింటిలో ఒకటని తెలిసినప్పుడే ఈ ఉపాయం పనిచేస్తుంది. గణాలు చివరిదాకా విడదీసి చూసుకోవడం తప్పదు.

నాలుగో గడి ఆటవెలదికీ తేటగీతికీ. సూర్యగణాలు న, హ. ఇంద్రగణాలు నగ, నల, సల, భ, ర, త. తేటగీతి పాదానికి వరుసగా ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు. ఆటవెలది బేసి పాదాల్లో ముగ్గురు సూర్యులు, ఇద్దరు ఇంద్రులు; సరి పాదాల్లో అయిదుగురూ సూర్యులే. ఈ గడి నెత్తిన మావాడు పెద్ద అక్షరాలతో రాశాడు: 'యతి నాలుగో గణం మొదటి అక్షరం, ప్రాస నియమం లేదు.' కందం నడక వేరు గనుక దాన్ని కాగితం వెనకకు పంపాం.

మర్నాడు ఆ కాగితం దాచేసి, ఖాళీ కాగితం ఇచ్చి మళ్లీ రాయమన్నాను. మత్తేభం గణాలు గుర్తురాక ఆగాడు. కాసేపు గోళ్లు కొరికి, శార్దూలం గురులఘువులు వేసుకుని, మొదటి గురువు కొట్టేసి రెండు లఘువులు పెట్టి, మూడేసి చొప్పున విడదీశాడు. స భ ర న మ య వ వచ్చింది.

"ఇక ఈ కాగితం ఎందుకు మామయ్యా?" అన్నాడు, మడిచి నా చేతిలో పెడుతూ.