సంక్రాంతికి విశాఖ విమానం: తెర మీది ధర, చివర కట్టే ధర

విమాన టికెట్ వెతికే వెబ్‌సైటు మొదటి వరుసలో చూపించే ధర ఒక మనిషికి, ఒక వైపు ప్రయాణానికి. చాలాసార్లు అది చేతిసంచి తప్ప మరే లగేజీ లేని ప్రయాణానికి పెట్టిన ధర. నలుగురున్న కుటుంబం పెట్టెలతో పండక్కి బయల్దేరితే ఆ అంకెకీ, చివర కార్డు నుంచి పోయే మొత్తానికీ పొంతన కుదరదు. రెండు కంపెనీల ధరలు పోల్చాలంటే రెండింటిలోనూ ఒకే ప్రయాణం ఉండాలి. అంటే అంతే మంది, అంతే బరువు, అవే సీట్లు. మొదటి వరుసలో కనిపించే అంకెల్ని పక్కపక్కన పెట్టుకుంటే చౌకైనది కాస్తా ఖరీదైనదిగా తేలవచ్చు.

హైదరాబాద్ నుంచి విశాఖకు సంక్రాంతికి వెళ్లొచ్చే ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, పాప నానమ్మ. రెండేళ్లు నిండిన పిల్లలకి దేశీయ విమానాల్లో మామూలుగా పూర్తి టికెట్టే కాబట్టి నలుగురికీ నాలుగు టికెట్లు కావాలి. ఇక్కడ వేసే ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. మీరు వెతికే రోజున అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

మొదట తేదీల సంగతి చూద్దాం. మన దేశంలో దేశీయ విమానాల్లో రానూపోనూ టికెట్ కలిపి కొంటే ప్రత్యేకంగా తగ్గేది సాధారణంగా ఉండదు. రెండు వైపుల ధరలు విడివిడిగా నిర్ణయమై, చివర కూడతారు. పైగా పండగ రద్దీ ఒకవైపే నడుస్తుంది. భోగికి రెండు మూడు రోజుల ముందు హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్లే విమానాలు నిండుగా ఉంటాయి, అదే రోజున విశాఖ నుంచి ఇటు వచ్చేవాటిలో సీట్లు మిగులుతాయి. కనుమ దాటాక, ముఖ్యంగా ఆ వారాంతంలో, ఇది తలకిందులవుతుంది. అందుకని వెళ్లే టికెట్టు, వచ్చే టికెట్టు రెండు వేర్వేరు కొనుగోళ్లు అనుకుని వెతకండి. వెళ్లేటప్పుడు ఒక కంపెనీ, వచ్చేటప్పుడు ఇంకో కంపెనీ అయినా ఇబ్బంది లేదు.

తేదీలు పోల్చడానికి గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ అనే పట్టిక ఉంది. వెళ్లే తేదీలు ఒక పక్క, వచ్చే తేదీలు ఇంకో పక్క పెట్టి, ఏ జతకు ఎంతవుతుందో గళ్లలో చూపిస్తుంది. స్కైస్కానర్‌లో నెల మొత్తాన్ని క్యాలెండర్‌లా చూడొచ్చు. విమాన కంపెనీల సొంత యాప్‌లలో కూడా చాలావాటికి తేదీ కింద ధర కనిపిస్తుంది. ఏ రోజు రద్దీ ఎక్కువో, ఒక రోజు అటూ ఇటూ జరిపితే ఎంత తగ్గుతుందో తెలుసుకోవడానికి ఇవి చాలు. అయితే క్యాలెండర్‌లో ఒక తేదీ కింద కనిపించేది ఆ రోజంతటిలో అన్నిటికన్నా తక్కువ ధర. అది తెల్లవారుజామున అయిదింటి విమానానిది కావచ్చు. కూకట్‌పల్లిలో ఉండేవాళ్లు ఆ విమానం అందుకోవాలంటే అర్ధరాత్రి దాటగానే శంషాబాద్‌కు క్యాబ్ ఎక్కాలి. వయసు మళ్లిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు, తల ఒక్కింటికి రెండు మూడు వందల కోసం ఆ నిద్ర పోగొట్టుకోవడం నా దృష్టిలో మంచి బేరం కాదు. క్యాలెండర్ అంకె కొన్ని గంటల పాతదై ఉండటమూ మామూలే. తేదీ ఎంచుకోవడానికి దాన్ని వాడండి, ధర కోసం మాత్రం ఆ విమానాన్ని తెరిచి చూడండి.

తేదీ తేలాక మొదట ఒక్క మనిషికి వెతకాలి, తర్వాత నలుగురికి వెతకాలి. ఎందుకో చెబుతాను. ఒకే విమానంలో ఒకేలాంటి సీట్లన్నిటికీ ఒకే ధర ఉండదు. కంపెనీ వాటిని కొన్ని మెట్లుగా విడగొడుతుంది. కింది మెట్టు సీట్లు అయిపోగానే పై మెట్టు ధర మొదలవుతుంది. కింది మెట్టులో రెండే సీట్లు మిగిలినప్పుడు మీరు నలుగురికి వెతికితే, వెబ్‌సైటు సాధారణంగా ఆ రెండిటినీ మీకిచ్చి మిగతా రెండిటికే ఎక్కువ వేయదు. నాలుగు సీట్లూ దొరికే పై మెట్టుకు వెళ్లి, నలుగురికీ ఆ ధరే చూపిస్తుంది.

మన కుటుంబం వెళ్లే రోజున మొదటి కంపెనీలో ఒక్కరికి వెతికితే 4,200 రూపాయలు వచ్చింది, చేతిసంచి మాత్రమే. నలుగురికి వెతికితే తలకు 4,600. రెండో కంపెనీలో ఎలా వెతికినా 4,650, అందులో 15 కిలోల లగేజీ కలిసి ఉంది. మొదటి వరుస చూస్తే తలకు 450 తేడా, నలుగురికి 1,800 మిగులుతుందనిపిస్తుంది. నిజానికి నలుగురికీ కలిపి మొదటిదానిలో 18,400, రెండోదానిలో 18,600. తేడా 200 మాత్రమే.

ఇద్దరిద్దరిగా రెండుసార్లు కొంటే? మొదటి ఇద్దరికీ 4,200 చొప్పున, తర్వాతి ఇద్దరికీ 4,600 చొప్పున 17,600 అవుతుంది. 800 మిగిలింది. అయితే పాప టికెట్ తప్పకుండా తల్లితోనో తండ్రితోనో ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లి లేదా తండ్రి పక్కన సీటు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ హక్కు పీఎన్ఆర్‌కు కట్టుబడి ఉంటుంది. విమానం రద్దయితే రెండు పీఎన్ఆర్‌ల వాళ్లనూ వేర్వేరు విమానాల్లోకి మార్చే అవకాశం కూడా ఉంది. అందుకే తల్లీ పాపా ఒక టికెట్టుగా, తండ్రీ నానమ్మా ఇంకో టికెట్టుగా విడదీయడం మేలు. అప్పుడు నానమ్మ ఏ విమానంలోనూ ఒంటరి కాదు.

ఇక బరువు. లగేజీ లేని ప్రయాణికుడికి తక్కువ ధర పెట్టుకునే వీలు 2021లో డీజీసీఏ కల్పించింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్రెస్ లైట్ పేరుతో దొరికేది అలాంటి టికెట్టే. మామూలు ఎకానమీ టికెట్టుతో దేశీయ విమానాల్లో సాధారణంగా 15 కిలోల లగేజీ, 7 కిలోల చేతిసంచి వస్తాయి. లైట్ టికెట్టు మోసమేమీ కాదు, సంచితో ప్రయాణించేవాళ్లకు అది న్యాయమైన ధర. కానీ వెతికే సైట్లు రెండు రకాల్నీ ఒకే వరుసలో పెట్టి ధర ప్రకారం పేరుస్తాయి కాబట్టి లైట్ ఎప్పుడూ పైన ఉంటుంది. ధర పక్కనున్న చిన్న సంచి గుర్తును, లేదా ఛార్జీ వివరాలను నొక్కి చూస్తేనే తేడా తెలుస్తుంది.

పండగ ప్రయాణంలో బరువు కూడా రద్దీలాగే ఒకవైపుకే ఉంటుంది. వెళ్లేటప్పుడు బట్టలే. నలుగురికీ తలా ఒక చేతిసంచి అంటే 28 కిలోలు, నాలుగు రోజులకు అది సరిపోతుంది. అలాగైతే మొదటి కంపెనీలో 17,600కే పని జరుగుతుంది, రెండోదానికన్నా 1,000 తక్కువ. అదే ఒక్క పెట్టె పెట్టాలనుకున్నా, ఆన్‌లైన్‌లో ముందుగా 15 కిలోలు కొనడానికి 1,600 అనుకుంటే మొత్తం 19,200 అవుతుంది. అప్పుడు లగేజీ కలిసి ఉన్న రెండో కంపెనీయే 600 చౌక.

వచ్చేటప్పుడు కథ మారుతుంది. అరిసెలు, జంతికలు, అమ్మమ్మ కట్టిచ్చిన ఆవకాయ డబ్బా, కొత్త బట్టలు. పచ్చళ్లు, నెయ్యి చేతిసంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీ దగ్గర ఆపేస్తారు, కాబట్టి పెట్టెలో వేయాల్సిందే. లైట్ టికెట్టు ఇక్కడ పనికిరాదు. మన కుటుంబానికి తిరుగు ప్రయాణంలో రెండు పెట్టెలు, 30 కిలోలు అనుకుందాం. మొదటి కంపెనీలో లైట్ 5,000 చొప్పున నలుగురికి 20,000, రెండోదానిలో 5,700 చొప్పున 22,800. రెండు పెట్టెలకు ముందుగా 3,200 కడితే మొదటిది 23,200కు చేరి, రెండోదాన్ని దాటిపోతుంది. రెండోదానిలో నలుగురికీ కలిపి 60 కిలోల హక్కు ఉంది కాబట్టి ఇంకో పెట్టె పెరిగినా చింత లేదు.

ముందుగా కొనకుండా విమానాశ్రయంలో తేల్చుకుందాం అనుకుంటేనే అసలు దెబ్బ. కౌంటర్ దగ్గర అదనపు బరువుకు కిలోల లెక్కన వసూలు చేస్తారు. కిలోకు 600 అనుకున్నా 30 కిలోలకు 18,000. నలుగురి టికెట్ల ధరకు దాదాపు దగ్గరకు వచ్చేసింది. ఇంట్లో కొక్కెం కాటాతో పెట్టె తూచుకుని, అవసరమైన బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. పెట్టెలో ఎండు కొబ్బరి మాత్రం పెట్టొద్దు, నూనె ఎక్కువ కాబట్టి మండే వస్తువుగా లెక్కగట్టి తీయిస్తారు.

సీట్ల దగ్గర చాలామంది అక్కర్లేకుండా కడుతున్నారు. టికెట్ కొనే దారిలో సీట్ల పటం వస్తుంది, దాదాపు ప్రతి సీటు మీదా ధర ఉంటుంది. అది చూసి సీటు కొనకపోతే కూర్చోనివ్వరేమో అనుకుంటారు. అలా కాదు. ఆ పేజీలో కిందో మూలో ఉండే స్కిప్ నొక్కి ముందుకు వెళ్లొచ్చు. చెక్-ఇన్ సమయంలో కంపెనీయే ఏదో ఒక సీటు ఉచితంగా కేటాయిస్తుంది. అది మధ్య సీటు కావచ్చు, మీవాళ్లకు దూరంగా ఉండవచ్చు, నష్టం అంతవరకే. హైదరాబాద్ నుంచి విశాఖకు గాల్లో ఉండేది గంటకు కాస్త అటూ ఇటూ. పాపకు తల్లి పక్కన సీటు ఎలాగూ రావాలి. డబ్బు పెట్టాల్సింది ఏమైనా ఉంటే నానమ్మకు, ముందు వరుసల్లో నడవా పక్క సీటు. లేవడానికీ దిగడానికీ ఆమెకు అది నిజంగా సాయం. నాలుగు సీట్లకు కట్టే బదులు ఒక్కదానికి కట్టండి.

ఇవన్నీ చేర్చాక కూడా చివరి పేజీలో కన్వీనియన్స్ ఫీజు అని ఒకటి కలుస్తుంది. మామూలుగా ఇది తల ఒక్కింటికి, ఒక్కో వైపుకు వేస్తారు కాబట్టి కుటుంబానికి గణనీయంగానే ఉంటుంది. మధ్యవర్తి సైట్లలోనే కాదు, కంపెనీల సొంత సైట్లలోనూ ఉంటుంది. మధ్యవర్తి సైటు కూపన్‌తో తగ్గించిన మొత్తాన్ని ఈ ఫీజు తినేసిందో లేదో చూడాలి. అక్కడే బీమా, ఉచిత రద్దు లాంటివి జత చేసి ఉన్నాయేమో చూసుకుని, అక్కర్లేనివి తీసేయండి. రెండు సైట్లలోనూ డబ్బు కట్టే బటన్ దాకా వెళ్లి, ఆ రెండు మొత్తాలనే పోల్చండి. బటన్ నొక్కే వరకు మీకు ఏ ఖర్చూ లేదు.

ప్రయాణం మానుకోవాల్సి వస్తే, ఎంత చౌక టికెట్ అయినా, రిఫండ్ లేదని రాసి ఉన్నా, అంతా పోయినట్టు కాదు. డీజీసీఏ నిబంధన ప్రకారం రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన దానికి మించకూడదు. విమానాశ్రయ రుసుములూ, చట్టబద్ధమైన పన్నులూ ప్రయాణికుడికి తిరిగి ఇచ్చేయాలి. నలుగురి టికెట్ల మీద అది చెప్పుకోదగ్గ మొత్తమే అవుతుంది. టికెట్ వాడలేకపోయామని ఊరికే వదిలేయకుండా, విమానం బయల్దేరే ముందే రద్దు చేసి ఆ డబ్బు అడిగి తీసుకోండి.