పంటల బీమా గడువు: ఒక్క నిమిషం వీడియో

వ్యవసాయ శాఖ ప్రకటనను వార్డు మెంబర్ యథాతథంగా చదివేస్తే రైతుకు తేదీ తప్ప ఇంకేమీ అందదు. ఎక్కడికి పోవాలి, ఏం పట్టుకెళ్లాలి, ఎంత కట్టాలి అన్నవి వీడియోలోనే ఉండాలి. రబీ వరికి ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజననే తీసుకుందాం. జిల్లాను, పంటను బట్టి గడువు మారుతుంది. కాబట్టి పక్క జిల్లా వీడియో చూసి తేదీ చెప్పకూడదు. మన ఊరికి డిసెంబర్ 31 గడువని, ఎకరాకు 40,000 రూపాయల బీమా అని అనుకుందాం. రబీలో ఆహార పంటలకు రైతు వాటా 1.5 శాతానికి మించదు. అంటే ఎకరాకు 600. శాతం చెబితే రైతు లెక్క వేసుకోవాలి, రూపాయలు చెబితే జేబు చూసుకుంటాడు.

మెంబర్ ఇలా మాట్లాడితే చాలు:

"అందరికీ నమస్కారం. ఈ ఏడాది రబీ వరికి బీమా కట్టడానికి డిసెంబర్ 31 ఆఖరు. చివరి రోజు సర్వర్ మొరాయిస్తే మనమే నష్టపోతాం, 28 లోపే వచ్చేయండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసు పుస్తకం తీసుకుని మీసేవకో బ్యాంకుకో వెళ్లండి. కౌలుకు చేసేవాళ్లు కౌలు కార్డు తీసుకెళ్లండి. ఎకరాకు 600 కట్టాలి. రసీదు చేతికి వచ్చాకే ఇంటికి రండి. అందులో మన ఊరి పేరు, సర్వే నంబరు, పంట పేరు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి."

రసీదు మాట దగ్గర కాస్త ఆగి, ఒక రసీదును చేత్తో పట్టుకుని చూపిస్తే మంచిది. ఊరి పేరు తప్పు పడితే పరిహారం వేరే ఊరి దిగుబడిని బట్టి లెక్కకొస్తుంది. ఆ పొరపాటు పంట పోయాక గానీ బయటపడదు. చూపించే రసీదులో ఎవరి ఆధార్ నంబరూ కనిపించకుండా వేలు అడ్డం పెట్టండి.

పంట రుణం తీసుకున్నవాళ్లకు వేరే వీడియో చేయాలి. వాళ్ల వాటాను బ్యాంకే రుణ ఖాతాలోంచి కడుతుంది. బీమా వద్దనుకుంటే గడువుకు 7 రోజుల ముందే రాసివ్వాలి, మన లెక్కలో 24 లోపు. వడగళ్లో, వరద ముంపో పంటను దెబ్బతీస్తే 72 గంటల్లో 14447కు చెప్పాలన్నది మూడో వీడియో. మూడు గడువులూ ఒకేసారి చెబితే ఏదీ గుర్తుండదు.

"ఈ నెలాఖరు" అనకండి. వాట్సాప్‌లో ఈ వీడియో వచ్చే ఏడాది కూడా తిరుగుతుంది. తేదీతో పాటు సంవత్సరం కూడా నోటితో చెప్పండి, గడువు దాటిన రోజే ఆ సంగతి అదే గ్రూపులో పెట్టండి.