ముసురు పడితే మళ్లీ లేచే వాసన

ఎండాకాలమంతా మా పడగ్గదిలో ఏ వాసనా లేదు. జులైలో ముసురు పట్టి, మూడు రోజులు కిటికీలు తెరవకపోయేసరికి పరుపు వైపు నుంచి పిల్లి మూత్రపు ఘాటు మొదలైంది. సంక్రాంతి రోజుల్లో మా మగపిల్లి, అప్పటికింకా దానికి ఆపరేషన్ చేయించలేదు, పరుపు మీదా కింద పరిచిన జంపఖానా మీదా తడిపింది. అమ్మ వెంటనే వెనిగర్ పోసి, పైన వంటసోడా చల్లింది. నురగ బాగా వచ్చింది, వాసనా పోయింది. ఆరు నెలల తర్వాత అదే చోటు నుంచి మళ్లీ వచ్చింది. "అప్పుడే కడిగాం కదరా, ఇదెక్కడి వాసన?" అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఏ సీసా కొనాలో దానంతట అదే తేలిపోతుంది.

మూత్రంలో నీళ్ల తర్వాత ఎక్కువగా ఉండేది యూరియా. పరుపులో ఉండే బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. మొదటి రోజుల్లో ముక్కుపుటాలు అదిరేది దానివల్లే. అమ్మోనియా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే అమ్మోనియా గాలిలోకి లేవని లవణంగా మారుతుంది. అందుకే తాజా మరక మీద వెనిగర్ నిజంగానే పనిచేస్తుంది. అయితే అమ్మ చేసినట్టు మీద వంటసోడా చల్లితే మాత్రం ఆమ్లమూ సోడా ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. ఆ నురగ చూడ్డానికి బాగుంటుంది గాని పనికి రాదు.

పాత మరక కథ వేరు. అందులో అమ్మోనియా చాలావరకు ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. మిగిలేది ఎండిన లవణాలు, ప్రొటీన్లు, కొద్దిపాటి యూరిక్ ఆమ్లం. పిల్లి విషయంలో ఇంకొకటి కూడా ఉంటుంది. దాని పేరు ఫెలినైన్. ఇది పిల్లి మూత్రంలో ప్రత్యేకంగా కనిపించే పదార్థం, ఆపరేషన్ చేయించని మగపిల్లిలో మరీ ఎక్కువ. ఇది నెమ్మదిగా విరుగుతూ గంధకం ఉన్న వాసన పదార్థాలను వదులుతుంది. గాలిలో తేమ పెరిగినప్పుడు ఎండిన లవణాలు ఆ తేమను పీల్చుకుంటాయి, బాక్టీరియా మళ్లీ పనిలో దిగుతుంది, వాసన లేస్తుంది. ఇక్కడ వెనిగర్‌కు పెద్దగా చేయగలిగింది లేదు. యూరిక్ ఆమ్లం ఆమ్లంలో ఇంకా తక్కువగా కరుగుతుంది, గంధకపు వాసనను వెనిగర్ తాకనే తాకదు. పాత మరక మీద వెనిగర్ పోస్తే కాసేపు మనకు తెలిసేది వెనిగర్ వాసనే.

ఎంజైమ్ ద్రావణం చేసే పని మరొకటి. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే మంచి సీసాల్లో ప్రొటీన్లను, యూరియాను ముక్కలు చేసే ఎంజైమ్‌లు ఉంటాయి, చాలావాటిలో వాటిని తయారుచేసే బాక్టీరియా కూడా ఉంటుంది. లేబుల్ మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనాలి. ఉత్త సెంటు కలిపినవీ అదే అలమరలో అమ్ముతారు.

దీని నడవడి తెలియాలంటే పాలు తోడు వేసినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు చేసుకుంటే చాలు. మరిగే పాలలో వేస్తే తోడు చచ్చిపోతుంది, చల్లటి పాలలో వేస్తే కదలదు, గోరువెచ్చగా ఉంటే రాత్రంతా తీసుకుని తోడుకుంటుంది. ఎంజైమ్‌కూ అలాగే గోరువెచ్చదనం, తడి, సమయం కావాలి. చాలామంది రెండు పిచికారీలు కొట్టి, పది నిమిషాలకు తుడిచేసి, పనిచేయలేదంటారు. పనిచేసే వ్యవధి దానికి ఇవ్వలేదన్నమాట. ఫినాయిల్‌తోనో వెనిగర్‌తోనో తడిసిన చోట పోసినా అంతే, ఆ రసాయనాలు దాన్ని పని చేయనివ్వవు. ఫినాయిల్ రకాలు పిల్లికి విషం కూడా, కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లో వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. బ్లీచ్ అసలే వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

మా పరుపుకు ఇలా చేశాం. రాత్రి దీపాలన్నీ ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పసుపుపచ్చగా మెరిసే చోట్లు కనిపించాయి. సబ్బు మరకలు కూడా అలాగే మెరుస్తాయి కాబట్టి ముక్కు పెట్టి నిర్ధారించుకుని, సుద్దముక్కతో చుట్టూ గీత గీశాం. పైన అరచేయంత కనిపించే మరక లోపల దూదిలోకి అంతకంటే వెడల్పుగా పాకుతుంది. అందుకే గీత అవతల మరో నాలుగు వేళ్ల మేర కలుపుకున్నాం.

మొదట గోరువెచ్చటి మంచినీళ్లు పోస్తూ, పాత తువ్వాళ్లతో గట్టిగా అదిమి పీల్చాం. ఇలా నాలుగుసార్లు. పాత వెనిగర్ శేషమూ లవణాలూ వచ్చేదిప్పుడే. తువ్వాలు మీద పసుపు తగ్గేదాకా ఆపలేదు. వేడి నీళ్లు, ఆవిరి మాత్రం వాడలేదు, వేడి తగిలితే ప్రొటీన్ పోగులకు పట్టేస్తుంది.

తర్వాత ఎంజైమ్ ద్రావణం. పిల్లి ఒకసారి పోసేది సుమారు సగం కాఫీ గ్లాసు. ద్రావణం అది చేరిన లోతుకంతా చేరాలంటే కనీసం అంతకు రెట్టింపు కావాలి. నెమ్మదిగా పోసి, మీద ప్లాస్టిక్ షీటు కప్పి, రాత్రంతా తడి ఆరకుండా ఉంచాం. పొద్దున షీటు తీసేసరికి వాసన మునుపటికన్నా ఎక్కువగా ఉంది. అమ్మ భయపడింది గాని, విరుగుతున్న పదార్థాలు బయటికొస్తున్నప్పుడు ఇలా జరుగుతుంది. పరుపును గోడకు నిలబెట్టి ఫ్యాను కింద రెండు రోజులు, ఎండ వచ్చిన గంటల్లో డాబా మీద ఆరబెట్టాం. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. పూర్తిగా ఆరిందని చేతికి తెలిశాకే పరీక్ష పెట్టాం. ఒక తడిగుడ్డను మరక మీద అరగంట పరిచి, తీసి, వాసన చూడాలి. ఎండిన పరుపు వాసన రాకపోవడం దేనికీ రుజువు కాదు, తడి తగిలినా రాకపోతేనే పని అయినట్టు. మాకు మొదటిసారి ఇంకా కొంచెం వచ్చింది. మళ్లీ అంతా చేస్తే రెండోసారి పోయింది.

జంపఖానా పని తేలిక, ఎందుకంటే దాన్ని నీళ్లలో ముంచగలం. తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది రంగు దిగడం లేదని చూసుకుని, తొట్టిలో చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చాం. పాత మరకల లవణాలు సగం పోయేది ఈ నానబెట్టడంతోనే. ఆ తర్వాత ఎంజైమ్ ద్రావణం కలిపిన నీళ్లలో కొన్ని గంటలు ఉంచి, మామూలుగా ఉతికి ఎండేశాం. రంగు దిగే జంపఖానా అయితే వెనిగర్ కూడా రంగును కదిలించవచ్చు, జాగ్రత్త.

మగపిల్లి గంధకపు వాసన రెండుసార్లకూ లొంగకపోతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉపయోగపడుతుంది. అది గంధకపు పదార్థాలను ఆక్సీకరిస్తుంది, పసుపు మరకనూ తెలుపు చేస్తుంది. రంగుబట్టలను కూడా తెల్లబరుస్తుంది కనుక తెల్లటి నూలుకే వాడాలి. ఎంజైమ్ పని పూర్తయి ఆరాకే, ముందు ఓ మూల వేసి చూసి వాడాలి. ఫోమ్ పరుపు మధ్యలోకి దిగిన మరకకు మాత్రం ఏ సీసా చాలదు. స్పాంజి పొరల్లోకి దిగినదాన్ని పీల్చలేం, పోసింది ఆరదు. అలాంటప్పుడు ఆ ముక్క కోసి మార్చుకోవడమో, పరుపే మార్చడమో చేయాలి. దూది పరుపైతే విప్పించి, చెడిన దూది తీసేసి, మిగిలినది ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు.

పిల్లి మళ్లీ మళ్లీ పరుపే ఎంచుకుంటుంటే ముందు పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. మూత్రకోశంలో ఇబ్బంది ఉండవచ్చు. మగపిల్లి ముక్కుతూ కూర్చుని ఒక్క చుక్క కూడా పోయకపోతే అదే రోజు చూపించాలి. మా దానికి ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. ఆగస్టు ముసురులో అమ్మ పరుపు మీద తడిగుడ్డ పరిచి అరగంట తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది. మరక చోట లేత పసుపు మచ్చ మాత్రం అలాగే ఉంది, వాసన లేదు.